విదేశీ మాస్టర్స్ డిగ్రీ - రుణభారం - రాబడి: ఉత్తర తెలంగాణ కుటుంబాల లెక్క

వ్యాససంగ్రహం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి అమెరికాలో మాస్టర్స్ చదువుకు వెళ్లే విద్యార్థుల కుటుంబాలు ఇల్లు కుదువపెట్టి, లేదా అధిక వడ్డీకి రుణం తీసుకొని ఆ నిర్ణయం తీసుకుంటున్నాయి. ఈ ఖర్చు జీవితకాలపు ఆదాయంలో తిరిగి వస్తుందా అనే ప్రశ్నను ఒక కుటుంబం లెక్క ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముప్ఫై ఏళ్ల జీతాల మొత్తం కంటే మొదటి మూడేళ్ల ఉద్యోగకాలం, ఉద్యోగం దొరకక తిరిగివస్తే మిగిలే నెలవాయిదా ఈ నిర్ణయానికి అసలైన కొలమానాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యారుణం, మిత్తి, ఓపీటీ, హెచ్-1బి, విదేశీ విద్యానిధి, గల్ఫ్ వలస, కరీంనగర్, ఆదిలాబాద్.

ఉపోద్ఘాతం

డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించేవారిని విద్యారుణం గురించి అడగటం వింతగా తోచవచ్చు. కాని కరీంనగర్ చుట్టుపక్కల పల్లెల్లో ఇంగ్లీషు కాగితం చదివి చెప్పేవారంటే ఇప్పటికీ 'కాలేజీ సారు'లే. జగిత్యాల వైపు నుంచి ఒక తండ్రి రుణమంజూరు పత్రం పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. ఆయన పన్నెండేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవారు. కొడుకు కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తిచేశాడు. హైదరాబాదులో ఏడాదికి నాలుగున్నర లక్షల ఉద్యోగం చేతిలో ఉంది, అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు కూడా వచ్చింది. ఆయన అన్న మాట ఇది: "సారూ, దుబాయి వీసాకైతే మాకు లెక్క తెలుసు. తెచ్చిన అప్పు ఎన్ని నెలల జీతంతోని తీరుతదో చూసుకొని పోతుంటిమి. గీ అమెరికా సదువుకు గట్ల లెక్క చెప్పేటోళ్లే లేరు."

ఆయన అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న అని ఈ వ్యాసంలో నిరూపించే ప్రయత్నం చేస్తాను. కన్సల్టెన్సీలు చెప్పే లెక్క వేరు. అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి, ముప్ఫై ఏళ్లతో గుణించి, ఖర్చుతో పోల్చి చూపుతారు. ఆ లెక్కలో తప్పు గుణకారంలో లేదు. దేనిని దేనితో పోలుస్తున్నామన్న దగ్గర ఉంది. ఆ కుటుంబం అనుమతితో వారి అంకెలను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా వాటిని గుండ్రని అంకెలుగా మార్చాను.

అసలు ఖర్చు ఎంత?

రెండేళ్ల ఫీజు 30 వేల డాలర్లు, నివాసభోజనాలకు 20 వేల డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున ఇది 45 లక్షలు. పరీక్షలు, వీసా, విమానం టికెట్టు కలిపి మరో రెండు లక్షలు. కుటుంబం దగ్గర ఏడు లక్షలున్నాయి. మిగిలిన 40 లక్షలు రుణం.

ఈ 47 లక్షలకు కలపవలసినది ఇంకొకటి ఉంది. ఆ రెండేళ్లూ విద్యార్థి హైదరాబాదులో పనిచేసి ఉంటే వచ్చే ఆదాయం పోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పోగొట్టుకున్న జీతం మొత్తాన్ని ఖర్చుగా కలిపితే, అమెరికాలోని భోజనవసతి ఖర్చులోంచి హైదరాబాదులో ఎలాగూ అయ్యే ఖర్చును తీసివేయాలి. లేకపోతే ఒకే తిండిని రెండుసార్లు లెక్కపెట్టినట్లవుతుంది. సులభమైన దారి, పోయిన జీతానికి బదులు పోయిన పొదుపును మాత్రమే కలపడం. నాలుగున్నర లక్షల ఉద్యోగంలో కొత్తవాడు నెలకు పన్నెండు వేలు మిగిల్చగలడనుకుంటే రెండేళ్లకు దాదాపు మూడు లక్షలు. ఈ కుటుంబానికి ఇది చిన్న అంకెనే. కాని పన్నెండు లక్షల జీతం వదులుకొని వెళ్లే నాలుగేళ్ల అనుభవజ్ఞుడి విషయంలో ఇదే అంకె లెక్కను తలకిందులు చేస్తుంది.

రూపాయి మిత్తి

మన ప్రాంతంలో వడ్డీని 'మిత్తి' అంటాం. నూటికి నెలకు రూపాయి అయితే 'రూపాయి మిత్తి', రెండు రూపాయలయితే 'రెండు రూపాయల మిత్తి'. ఈ కుటుంబానికి ఒక బ్యాంకేతర ఆర్థిక సంస్థ ఇవ్వజూపిన రేటు ఏడాదికి 12 శాతం, అంటే సరిగ్గా రూపాయి మిత్తి. ఊళ్లో రెండు రూపాయలకు తెచ్చుకున్న తండ్రికి అది చవకగా కనిపించడం సహజం. ఆ చవకతనం ఏమవుతుందో చూద్దాం.

రుణం ఒకేసారి రాదు. సెమిస్టరుకు పది లక్షల చొప్పున నాలుగు విడతలుగా వెళుతుంది. చదువు 21 నెలల్లో ముగిసి, ఆపై ఆరు నెలల విరామం తరువాత 27వ నెలలో వాయిదాలు మొదలవుతాయనుకుందాం. మొదటి పది లక్షలకు 27 నెలల మిత్తి, తరువాతి విడతలకు వరుసగా 22, 15, 10 నెలల మిత్తి పడుతుంది. పది లక్షలకు నెలకు పదివేల చొప్పున, మొత్తం 74 నెలలకు 7 లక్షల 40 వేలు. కనుక తొలి వాయిదా నాటికి అప్పు 40 లక్షలు కాదు, 47 లక్షల 40 వేలు. పదేళ్ల గడువుకు నెలవాయిదా దాదాపు 68 వేలు.

ప్రభుత్వరంగ బ్యాంకులో 10 శాతానికి, పదిహేనేళ్ల గడువుకు దొరికితే అదే అప్పు 46 లక్షల 20 వేలు అవుతుంది, వాయిదా 50 వేలకు కొంచెం లోపు. అయితే ఆ బ్యాంకు తలుపు అందరికీ తెరుచుకోదు. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ఆస్తి హామీ కావాలి. మన రైతుకున్న ఆస్తి వ్యవసాయభూమి. బకాయిపడిన హామీ ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకొనే అధికారమిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయభూమికి వర్తించదు. అందుకే నాలుగెకరాల పట్టాదారు పాసుపుస్తకం ఉన్నా బ్యాంకు మొహం చాటేస్తుంది, పట్టణంలో అనుమతులున్న చిన్న ఇల్లు ఉంటే సరేనంటుంది. సరైన పత్రాలు లేని గ్రామకంఠపు ఇంటికీ ఆ విలువ దక్కదు.

ఆదిలాబాదు ఏజెన్సీలో పరిస్థితి ఇంకా భిన్నం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1/70 అని అందరూ పిలిచే ఈ చట్టం గిరిజనుల భూమిని కాపాడే కవచం. అదే భూమి విద్యారుణానికి హామీగా మాత్రం పనికిరాదు. ఉట్నూరు ప్రాంతపు గోండు విద్యార్థికీ, కరీంనగర్ పట్టణంలో సొంతిల్లున్న విద్యార్థికీ ఒకే విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినా ఆ డిగ్రీ ధర ఒకటి కాదన్నమాట. డిగ్రీ విలువను చర్చించే వ్యాసాలు ఫీజును చూస్తాయే గాని ఈ తేడాను చూడవు.

అప్పు తీరే నెలలు

ఇప్పుడు దుబాయి ప్రశ్నకు వద్దాం. చదువు ముగిశాక అమెరికాలో పనిచేయడానికి విద్యార్థి వీసా మీద దొరికే అనుమతి ఓపీటీ. అది పన్నెండు నెలలు. చదివిన కోర్సు విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత విభాగాల జాబితాలో ఉంటే మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. మొత్తం 36 నెలలు. కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో పేరును బట్టి తేలదు. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో కోర్సు పక్కన ఉండే సంకేతసంఖ్యను జాబితాతో సరిచూసుకోవాలి. వినడానికి సాంకేతికంగా ఉన్న కొన్ని మేనేజ్‌మెంట్ కోర్సులకు పన్నెండు నెలలే దక్కుతాయి.

మన విద్యార్థికి 85 వేల డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకుందాం. భారతీయ విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం వల్ల అమెరికా ప్రామాణిక మినహాయింపు దొరుకుతుంది. మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాల్లో సామాజికభద్రత, మెడికేర్ పన్నులు పడవు. రాష్ట్ర ఆదాయపన్ను లేని టెక్సాస్ వంటి చోట నెలకు దాదాపు 6,200 డాలర్లు చేతికొస్తాయి. గది పంచుకొని, కారు, బీమా, తిండి కలిపి మూడువేల పైచిలుకు ఖర్చుపెడితే మూడువేలు మిగులుతాయి, అంటే రెండు లక్షల డెబ్భై వేల రూపాయలు. ఆ మొత్తాన్ని పూర్తిగా అప్పుకే కడితే 47 లక్షల 40 వేలు మిత్తితో సహా ఇరవై నెలల్లో తీరుతుంది.

జీతం 60 వేల డాలర్లయితే? ఖర్చు పెద్దగా తగ్గదు. నెలకు 1,600 డాలర్లు మిగిలితే అప్పు తీరడానికి నలభై నెలలు పడుతుంది. అనుమతి ఉన్నది 36 నెలలు. జీతం మూడోవంతు కంటే తక్కువే తగ్గింది, తీరే కాలం మాత్రం రెట్టింపయింది. ముందు తిండికి, అద్దెకు పోయిన తరువాత మిగిలేదే అప్పుకు వెళుతుంది. అందుకే జీతంలోని చిన్న తేడా కూడా మిగులులో పెద్ద తేడాగా మారుతుంది.

36 నెలలనూ పూర్తిగా లెక్కలోకి తీసుకోకూడదు. ఉద్యోగం వెతుక్కొనే కాలం అందులోంచే పోతుంది. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి నిరుద్యోగంగా ఉంటే అనుమతి పోతుంది, పొడిగింపు కాలానికి మరో 60 రోజులు కలుస్తాయి. కనుక 33 నెలల జీతం అనుకోవడం న్యాయం. ఇరవై నెలల అప్పు ఈ కిటికీలో ఇముడుతుంది, నలభై నెలల అప్పు ఇమడదు. డిగ్రీని గురించి ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

జీవితకాలపు ఆదాయం మాటేమిటని అడగవచ్చు. 12 శాతం మిత్తి కడుతున్నవారికి ఇరవై ఏళ్ల తరువాత వచ్చే పది లక్షల నేటి విలువ లక్ష రూపాయలకు కాస్త ఎక్కువ. మిత్తి ఎంత ఎక్కువైతే దూరపు సంవత్సరాల జీతం అంత తేలికవుతుంది. ముప్ఫై ఏళ్ల గుణకారంలో కోట్లుగా కనిపించేది, రూపాయి మిత్తి తూకంలో మొదటి కొన్నేళ్ల మొత్తంగా కుంచించుకుపోతుంది. అప్పు లేకుండా చదివేవారికి తూకం వేరు. వారి సొమ్ము బ్యాంకు డిపాజిట్లో సంపాదించేది తక్కువ గనుక దూరపు జీతానికి బరువెక్కువ.

మూడు దారులు

చదువు తరువాత స్థూలంగా మూడు దారులున్నాయి. హెచ్-1బి వచ్చి అక్కడే స్థిరపడటం ఒకటి. మూడేళ్లు పనిచేసి వీసా రాక తిరిగిరావటం రెండోది. అసలు ఉద్యోగమే దొరకక కొన్ని నెలలకే తిరిగిరావటం మూడోది.

మొదటిదాని గురించి మనవాళ్లకు చెప్పనక్కరలేదు. దాని అవకాశాన్ని మాత్రం ఉన్నదున్నట్లు చూడాలి. ఏటా సాధారణ కోటా 65 వేలు, అమెరికా మాస్టర్స్ ఉన్నవారికి మరో 20 వేలు. లాటరీలో అర్హమైన నమోదుల్లో ఎంపికైనవి 2024 ఆర్థిక సంవత్సరానికి దాదాపు నాలుగింట ఒకవంతు, 2026కు దాదాపు మూడోవంతు. మూడేళ్ల ఓపీటీలో రెండు మూడు ప్రయత్నాలు చేయవచ్చు. అయితే 2026లో అమలులోకి వచ్చిన కొత్త నిబంధన జీతస్థాయిని బట్టి అవకాశాన్ని పెంచుతోంది. పై స్థాయి జీతగాడి పేరు నాలుగుసార్లు, ప్రారంభస్థాయి వారి పేరు ఒక్కసారే లాటరీలో చేరుతుంది. అప్పుడే పట్టా పుచ్చుకున్నవారు సాధారణంగా ప్రారంభస్థాయిలోనే ఉంటారు. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి వర్తించదని ఆ తరువాత స్పష్టం చేశారు. కరీంనగర్‌కు తిరిగివచ్చినవాణ్ణి కంపెనీ మళ్లీ పిలిపించుకోవాలంటే మాత్రం అది అడ్డుగోడ అవుతుంది.

రెండో దారిలో మన విద్యార్థి 33 నెలలు పనిచేస్తాడు. ఇరవై నెలలు అప్పుకు పోగా పదమూడు నెలల మిగులు 35 లక్షలు. ఇందులోంచి కుటుంబం పెట్టిన ఏడు లక్షలు, హైదరాబాదులో ఉండి ఉంటే ఐదేళ్లలో మిగిలేదని ఊహించిన పన్నెండు లక్షలు తీసివేస్తే నికర లాభం 16 లక్షలు. చెడ్డది కాదు, ఊళ్లో అనుకొనే కోట్లూ కావు.

మూడో దారిలో తిరిగివచ్చినవాడి మీద 47 లక్షల అప్పు ఉంటుంది. పోయిన ఏడు లక్షలు, మూడు లక్షల పొదుపు కలిపితే 57 లక్షల నష్టం. మాస్టర్స్ పట్టాతో హైదరాబాదులో ఎనిమిది లక్షల ఉద్యోగం వచ్చిందనుకున్నా చేతికొచ్చేది నెలకు 60 వేలు. వాయిదా 68 వేలు. అద్దె, తిండి సంగతి అటుంచి జీతం మొత్తం కట్టినా ఎనిమిది వేలు తక్కువ పడుతుంది. ఆ ఎనిమిది వేలు, కొడుకు బతుకు ఖర్చు ఇంటి నుంచే రావాలి.

మూడో దారి అవకాశం ఎంతో ఎవరూ ముందుగా చెప్పలేరు. ప్రశ్నను తిప్పి వేయవచ్చు: ఎంత అవకాశం ఉంటే లెక్క సున్నా అవుతుంది? మొదటి దారిని పక్కన పెట్టి 16 లక్షల లాభాన్ని 57 లక్షల నష్టంతో తూచితే, ఉద్యోగం దొరకనివారు ఐదుగురిలో ఒకరికి మించితే సగటున నష్టమే. హెచ్-1బి ఆశను, తిరిగివచ్చాక దొరికే కొద్దిపాటి అదనపు జీతాన్ని కలిపితే ఈ హద్దు సడలుతుంది. అయినా సగటు అన్న మాట దగ్గర నాకు ఆక్షేపణ ఉంది. వెయ్యిమందికి అప్పిచ్చిన సంస్థకు సగటు అర్థవంతం. ఒక కొడుకు, ఒక ఇల్లు ఉన్న కుటుంబానికి సగటు ఎప్పుడూ అనుభవంలోకి రాదు. వారికి జరిగేది మూడింటిలో ఒకటే. అందుచేత మూడో దారిలో వాయిదా కట్టగలమా అన్నది రెండో పరీక్ష. నా దృష్టిలో ఇదే మొదటిదానికంటే ముఖ్యం.

ఊళ్లో ఈ మూడో దారి కనిపించకపోవడానికి కారణముంది. దసరాకు, బతుకమ్మకు సెలవు పెట్టి వచ్చేవారు ఉద్యోగం ఉన్నవారే. లేనివారు రారు, వచ్చినా హైదరాబాదు దాటి ఊరికి రారు. అంకెలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. అమెరికా ప్రభుత్వపు కాలేజ్ స్కోర్‌కార్డులో కనిపించే పట్టభద్రుల ఆదాయాలు అక్కడి కేంద్రప్రభుత్వ ఆర్థికసహాయం పొందిన విద్యార్థులవి. ఆ సహాయానికి మన విద్యార్థులు అర్హులు కారు, కాబట్టి ఆ ఆదాయాలు వారివి కావు. ఇంతకంటే ఉపయోగపడేవి ఆ దేశపు కార్మికశాఖ వెల్లడించే హెచ్-1బి కార్మిక షరతుల దరఖాస్తుల వివరాలు. ఏ కంపెనీ, ఏ ఊళ్లో, ఏ పనికి, ఎంత జీతం చూపిందో అందులో ఉంటుంది. అవీ గెలిచినవారి వివరాలే గనుక 85 వేలా, 60 వేలా అన్నది తేల్చుకోవడానికి పనికివస్తాయి గాని ఉద్యోగం దొరుకుతుందా లేదా అన్నదానికి జవాబివ్వవు.

విద్యానిధి చేసే మార్పు

తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరిట, వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విదేశీ విద్యానిధిని నడుపుతోంది. మైనారిటీలకు వేరే పథకం ఉంది. గరిష్ఠంగా ఇరవై లక్షల సాయం, కుటుంబ వార్షికాదాయం ఐదు లక్షలు మించకూడదు. ఇది లాభాన్ని ఇరవై లక్షలు పెంచుతుందని మాత్రమే చూస్తే దాని అసలు పని కనిపించదు. అప్పు సగమైతే తొలి వాయిదా నాటికి అది 23 లక్షల 70 వేలు, నెలకు 34 వేలు. ఉద్యోగం దొరకక తిరిగివచ్చినా హైదరాబాదు జీతంలో ఇది ఇముడుతుంది. 10 శాతానికి పదిహేనేళ్లయితే 25 వేలే. మూడో దారి పతనం కాకుండా కష్టంగా మాత్రమే మిగులుతుంది. బాసర ట్రిపుల్ ఐటీలో చదివిన పేదింటి విద్యార్థికైనా, ఉట్నూరు విద్యార్థికైనా ఈ నిధి లేకుండా విదేశీ మాస్టర్స్ లెక్క నిలబడటం కష్టమని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. ఈ సొమ్ము విద్యార్థి అక్కడికి చేరి పత్రాలు సమర్పించిన తరువాత విడతలుగా వస్తుంది. మొదటి సెమిస్టరు ఫీజును, వీసాకు చూపవలసిన సొమ్మును ముందుగా వేరేచోట సమకూర్చుకోవాలి. వచ్చిన సాయాన్ని రుణఖాతాలో వెంటనే జమచేస్తేనే పై లెక్క వర్తిస్తుంది. ఖర్చులకు వాడుకుంటే మిత్తి ఆగదు.

ఆ తండ్రి కాగితం మీద నేను రాసిచ్చినవి రెండే అంకెలు: అప్పు తీరడానికి 20 నెలలు, తిరిగివస్తే వాయిదా 68 వేలు. మొదటిదాన్ని చూసి ఆయన తల ఊపారు. రెండోదాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మంజూరు పత్రంలో విరామకాలం ఆరు నెలలా, ఏడాదా అని మరోసారి చదివించుకున్నారు. కొడుకు విశ్వవిద్యాలయానికి రాసి ప్రవేశాన్ని తరువాతి విడతకు వాయిదా వేయించుకొని హైదరాబాదు ఉద్యోగంలో చేరాడు. తండ్రి జగిత్యాలలోని ఇంటి కాగితాలను ప్రభుత్వరంగ బ్యాంకు న్యాయవాదికి చూపించే పనిలో ఉన్నారు.